బొమ్మల యంత్రం లోపల, 5వ పాఠం: ఇద్దరి ఫోటోలిస్తే ముఖాలు ఎందుకు కలిసిపోతాయి?

గత పాఠంలో ఒక మనిషి ఫోటోను ఆధారంగా ఇచ్చి, అదే ముఖంతో కొత్త బొమ్మ గీయించాం. బొమ్మలు గీసే స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 మోడల్, ఫోటోను ఆధారంగా తీసుకునేలా దానికి తగిలించిన ఐపీ-అడాప్టర్, రెంటినీ నడిపే కంఫీయూఐ: ఈ పాఠంలోనూ పనిముట్లు అవే. మారేది ఒక్కటే. ఆధార ఫోటోలు రెండు, మనుషులూ ఇద్దరు.

ఉదాహరణకు ఒక ఇంట్లో తాతయ్యదీ నాయనమ్మదీ విడివిడిగా తీసిన ఫోటోలు ఉన్నాయి గానీ ఇద్దరూ కలిసి దిగినది లేదనుకుందాం. తాతయ్యది కోలముఖం, గుబురు మీసం, గుండ్రటి కళ్ళజోడు. నాయనమ్మది గుండ్రటి ముఖం, రెండు వైపులా ముక్కుపుడకలు, రూపాయి కాసంత బొట్టు. ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నట్టు ఒక బొమ్మ కావాలి.

రెండు ఫోటోలూ ఇచ్చి, "వృద్ధ దంపతులు, ఎడమ వైపు పంచె కట్టిన పురుషుడు, కుడి వైపు నేత చీర కట్టిన స్త్రీ" అనే అర్థం వచ్చేలా వివరణ రాసి నడిపితే వచ్చే బొమ్మ తరచూ ఇలా ఉంటుంది. మనుషులు ఇద్దరే. పంచె పంచెలాగే, చీర చీరలాగే ఉంటాయి. ముఖాల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిదీ కోలకూ గుండ్రానికీ మధ్యరకం. రెండు ముక్కులూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. నాయనమ్మకు కళ్ళజోడు వస్తుంది, తాతయ్య నుదుట బొట్టు వెలుస్తుంది. చూసినవాళ్ళు "వీళ్ళెవరు, అన్నాచెల్లెళ్ళా?" అని అడుగుతారు.

కళ్ళజోడూ బొట్టూ మారిపోవడం చూడగానే పట్టుబడే తప్పు. అసలు నష్టం దవడలోనూ, కనుబొమల మధ్య దూరంలోనూ, పై పెదవి వంపులోనూ జరుగుతుంది. అది ఫలానా చోట అని వేలు పెట్టి చూపడం ఇంట్లోవాళ్ళకు కుదరదు. "ఏదో తేడాగా ఉంది" అంటారు, అంతే. కాబట్టి కళ్ళజోడు చెరిపేసి పని అయిపోయిందనుకోవడం తొందరపాటు.

అతికించడానికీ గీయడానికీ ఉన్న తేడా

ఫోటో స్టూడియోల్లో ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. ఫోటోషాప్‌లో ఇద్దరినీ విడిగా కత్తిరించి ఒకే నేపథ్యం మీద అతికిస్తారు. వెలుగు ఒకరికి ఎడమ నుంచీ మరొకరికి కుడి నుంచీ పడుతుంది, మెడ దగ్గర అతుకు కనిపిస్తుంది, కానీ ముఖాలు మాత్రం కలవవు. ఎందుకంటే అక్కడ ప్రతి చుక్కా ఏదో ఒక ఫోటో నుంచే వస్తుంది.

మన యంత్రంలో ఏ చుక్కా ఏ ఫోటో నుంచీ రాదు. ఫోటోను చూసి కొన్ని సంఖ్యలు రాసుకుంటుంది. ఆ సంఖ్యల ప్రభావంలో, రొదలాంటి చుక్కల గజిబిజి నుంచి బొమ్మ మొత్తాన్ని మొదటి నుంచీ గీస్తుంది. ముఖాలు కలిసేది ఆ ప్రభావం పంచుకునే చోట. ఆ పంపకం ఎలా జరుగుతుందో చూస్తే మిగతాదంతా తేలిక.

ఐపీ-అడాప్టర్‌ను టెన్సెంట్ పరిశోధకులు 2023లో విడుదల చేశారు. మీరిచ్చిన ఫోటోను అది ముందుగా 224 చుక్కల చతురస్రంగా కుదించి, చిత్రాలను సంఖ్యలుగా మార్చే క్లిప్ అనే మోడల్‌కు ఇస్తుంది. దాని నుంచి వచ్చిన సారాన్ని టోకెన్లుగా మారుస్తుంది. మామూలు ఐపీ-అడాప్టర్‌లో ఫోటోకు 4 టోకెన్లు, "ప్లస్" రకంలో 16. ఒక్కో టోకెన్ కొన్ని వందల సంఖ్యల వరుస. తాతయ్య ముఖం గురించి యంత్రానికి తెలిసినదంతా ఆ నాలుగు వరుసల్లోనే ఉంటుంది: మీసం, కళ్ళజోడు, వయసు, కోలముఖం.

ఆ వరుసల్లో లేనిది ఒకటుంది. "ఈ ముఖం బొమ్మలో ఎడమ వైపు మనిషికి చెందాలి" అన్న సంగతి వాటిలో ఎక్కడా రాసి ఉండదు. టోకెన్‌కు ఎవరో తెలుసు, ఎక్కడో తెలియదు. ముఖాలు కలిసిపోవడానికి మొదటి కారణం ఇదే.

మీరు వివరణలో "ఎడమ వైపు పురుషుడు" అని రాశారు కదా అంటారేమో. ఆ మాటలు వేరే దారిలో, అక్షరాల టోకెన్లుగా వెళ్తాయి. ఆ మాటల్లోని పురుషుడూ, మొదటి ఫోటోలోని తాతయ్యా ఒక్కరేనని యంత్రానికి ఎవరూ చెప్పలేదు.

ఒక్క గడి దగ్గర జరిగేది

512 చుక్కల చతురస్రపు బొమ్మను యంత్రం లోపల 64 అడ్డు, 64 నిలువు గళ్ళుగా పట్టుకుంటుంది. గీసే ప్రతి అడుగులోనూ ప్రతి గడీ ఒక ప్రశ్న వేస్తుంది: "నేనిప్పుడు ఇలా తయారవుతున్నాను, మీలో నాకు పనికొచ్చేది ఎవరి దగ్గరుంది?" ఆధార ఫోటోల టోకెన్లన్నీ ఆ ప్రశ్నతో ఎంత సరిపోలితే అంత మార్కు తెచ్చుకుంటాయి. ఆ మార్కులను సాఫ్ట్‌మ్యాక్స్ అనే లెక్క వాటాలుగా మారుస్తుంది. వాటాల మొత్తం ఎప్పుడూ ఒకటి. ఈ ప్రక్రియ పేరు క్రాస్ అటెన్షన్.

తాతయ్య ముక్కు రావలసిన చోట ఉన్న ఒక గడిని తీసుకుందాం. లెక్క తేలికగా ఉండాలని మనిషికి ఒక్క టోకెనే ఉందనుకోండి. తాతయ్య టోకెన్‌కు 2.0, నాయనమ్మ టోకెన్‌కు 1.6 మార్కులు వచ్చాయి.

```python
import numpy as np
s = np.array([2.0, 1.6])
e = np.exp(s)
print((e / e.sum()).round(3))   # [0.599 0.401]
```

తాతయ్య గెలిచాడు, అయినా ఆ గడిలో నాయనమ్మ వాటా 40 శాతం. పక్క మనిషి ముక్కు దగ్గర లెక్క తిరగబడి 60 శాతం నాయనమ్మ, 40 శాతం తాతయ్య అవుతుంది. సాఫ్ట్‌మ్యాక్స్‌లో గెలిచినవాడికే అంతా అన్న నియమం లేదు. ఓడినవాడికీ వాటా ముడుతుంది. ఒకే వీధిలో రెండు పెళ్ళిళ్ళు జరుగుతూ రెండు పందిళ్ళలోనూ మైకులు మోగుతున్నట్టే ఇదీ: ఏ ఇంట్లో కూర్చున్నా దగ్గరి మైకు గట్టిగా వినిపిస్తుంది, రెండోది మాత్రం ఆగదు.

మార్కులు అంత దగ్గరగా ఎందుకొచ్చాయి? గడి అడిగేది "తాతయ్య ఎక్కడ?" అని కాదు. దానికి తెలిసిందల్లా తానొక ముఖంలో ముక్కు కాబోతోందని మాత్రమే. రెండు ఫోటోల్లోనూ ముఖమే ఉంది, ముక్కే ఉంది. కాబట్టి రెండూ ఆ ప్రశ్నకు మంచి జవాబులే. ఒక ఫోటోలో ముఖం, మరో ఫోటోలో పూలకుండీ ఉంటే ఈ బాధ ఇంతగా ఉండదు. పోలికలు ఎంత దగ్గరగా ఉంటే పోటీ అంత గట్టిగా, కలగలుపు అంత ఎక్కువగా ఉంటుంది. భార్యాభర్తల బొమ్మ కంటే అన్నదమ్ముల బొమ్మ ఎక్కువ చెడేది అందుకే. భార్యాభర్తల విషయంలో వివరణలోని "పురుషుడు", "స్త్రీ" అనే మాటలు గళ్ళ ప్రశ్నలను కొంతైనా వేరు చేస్తాయి. అన్నదమ్ములకు ఆ ఆసరా కూడా లేదు.

మరో సంగతి. వాటాల మొత్తం ఒకటి కావలసిందే కనుక, వెనక గోడ గళ్ళు కూడా ఈ రెండు ముఖాల నుంచి ఏదో ఒకటి తీసుకోక తప్పదు. ఆధార ఫోటోలోని పసుపు రంగు వెలుగు గోడకంతా పాకడం మీరు గత పాఠంలోనే చూసి ఉంటారు. ఐపీ-అడాప్టర్‌కు శిక్షణ ఇచ్చిన తీరే అంత. ఒక చిత్రాన్నే ఆధారంగా ఇచ్చి, మాటల సాయంతో అదే చిత్రాన్ని తిరిగి గీయమని నేర్పారు. ఆధారం బొమ్మ మొత్తానికీ చెందుతుందని అది నేర్చుకుంది. ఇద్దరిని రెండు చోట్ల కూర్చోబెట్టే పాఠం దానికి ఎవరూ చెప్పలేదు.

ఈ కలగలుపుకు పరిశోధకుల్లో పేరు కూడా ఉంది: ఐడెంటిటీ బ్లెండింగ్. 2023లోనే వచ్చిన ఫాస్ట్‌కంపోజర్ అనే పద్ధతి దీన్ని శిక్షణ దశలోనే ఎదుర్కొంది. ఏ మనిషి ఆధారం ఆ మనిషి ఉన్న ప్రాంతం మీదే దృష్టి పెట్టేలా, శిక్షణ చిత్రాల్లో మనుషుల సరిహద్దులు చూపించి నేర్పారు. మనం శిక్షణ జోలికి పోవడం లేదు గనుక అదే పనిని బయటి నుంచి చేయాలి.

రెండు ఫోటోలను కలిపే మూడు దారులు

రెండు ఫోటోలనూ ఎలా కలుపుతున్నారన్న దాన్ని బట్టి చెడిపోయే తీరు మారుతుంది. ఇది తెలియకపోతే, ఆధార ఫోటో ప్రభావం ఎంత ఉండాలో చెప్పే బరువులను పెంచుతూ తగ్గిస్తూ రోజంతా గడిచిపోతుంది.

కంఫీయూఐలో `IPAdapter Advanced` అనే నోడ్‌కు రెండు చిత్రాలను ఒకే కట్టగా ఇస్తే, `combine_embeds` అనే చోట ఎలా కలపాలో అడుగుతుంది. అక్కడ `average` ఎంచుకుంటే రెండు ముఖాల సంఖ్యలనూ కూడి సగం చేస్తుంది. గీయడం మొదలు కాకముందే ఇద్దరూ ఒక్కరైపోయారు. ఆ తర్వాత ప్రభావాన్ని బొమ్మలో ఒక భాగానికే పరిమితం చేసే ఏ మాస్కూ, ఏ బరువూ వాళ్ళను విడదీయలేవు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సిస్ గాల్టన్ అనేక మంది ముఖాలను ఒకే ఫోటో పలక మీద ఒకదాని మీద ఒకటి పడేలా తీసి "సగటు ముఖం" తయారు చేశాడు. `average` చేసేది సంఖ్యల్లో అలాంటి పనే. ఇద్దరు వేరు మనుషులు కావాలనుకున్నప్పుడు దీన్ని ముట్టుకోకండి.

`concat` ఎంచుకుంటే టోకెన్లు పక్కపక్కన చేరతాయి, నాలుగూ నాలుగూ ఎనిమిది. పైన లెక్క వేసిన పోటీ జరిగేది ఇక్కడ. ఇద్దరి సమాచారం చెడకుండా లోపల ఉంటుంది, పంపకం దగ్గర కలుస్తుంది.

మూడో దారి అలాంటి రెండు నోడ్‌లను గొలుసుగా పెట్టడం: ఒకదానికి తాతయ్య ఫోటో, దాని వెనక రెండోదానికి నాయనమ్మ ఫోటో. చూడటానికి ఇదే పద్ధతిగా విడదీసినట్టు ఉంటుంది. కానీ ఏ మాస్కూ పెట్టకపోతే బొమ్మలోని ప్రతి గడి దగ్గరా జరిగేది ఇది:

```
out = text + 0.7*A + 0.7*B
```

A తాతయ్య ప్రభావం, B నాయనమ్మ ప్రభావం. ఇక్కడ పోటీ కూడా లేదు. ప్రతి గడికీ ఇద్దరూ పూర్తి మోతాదులో వచ్చి పడతారు. ఒక బరువును 0.7 నుంచి 0.4కు తగ్గిస్తే ఆ మనిషి బొమ్మలో అన్ని చోట్లా పలచబడతాడు. ఒకరి ముఖంలో తగ్గి మరొకరి ముఖంలో నిలవడం ఉండదు. బరువులతో ఈ సమస్య తీరకపోవడానికి కారణం ఈ ఒక్క వరుసలో కనిపిస్తుంది: బరువుకు ఎంత అన్నది తెలుసు, ఎక్కడ అన్నది తెలియదు.

అయినా మనం వాడబోయేది ఈ మూడో దారినే. "ఎక్కడ" అన్నది చేర్చడానికి దీనిలో చోటుంది.

```
out = text + 0.7*maskA*A + 0.7*maskB*B
```

maskA ఎడమ భాగంలో 1, కుడి భాగంలో 0. maskB దానికి తిరగేసినది. ఎడమ ముఖపు గళ్ళలో B సున్నాతో గుణించబడి పోతుంది. పైన చెప్పిన 40 శాతం వాటా అక్కడ ఉండదు.

మాస్కులు గీయడం

ముందు ఆధార ఫోటోలు ఏవీ లేకుండా, ఉత్త వివరణతో బొమ్మ గీయించండి. ఇద్దరూ మీకు నచ్చిన చోట, మధ్యలో ఖాళీతో కూర్చున్న బొమ్మ వచ్చేదాకా, మొదటి చుక్కల గజిబిజిని నిర్ణయించే సీడ్ సంఖ్యను మార్చి చూసి, ఆ సంఖ్యను రాసి పెట్టుకోండి. ఇక దాన్ని మార్చకూడదు. ఆ బొమ్మను చూస్తూ రెండు నలుపు-తెలుపు మాస్కులు తయారు చేయండి. తాతయ్య మాస్కులో తాతయ్య తల, మెడ తెలుపు, మిగతాదంతా నలుపు. నాయనమ్మది కూడా అంతే. జుట్టు మొదలూ చెవులూ తెలుపు లోపలే ఉండాలి. మనిషి పోలికలో అవీ భాగమే, వాటిని వదిలేస్తే ముఖం మాస్కులో ఇరుక్కున్నట్టు వస్తుంది. ఒక్కో మాస్కునూ దాని నోడ్‌లో `attn_mask` అనే చోట కలపండి.

చాలామంది బొమ్మను నిలువుగా సరిగ్గా సగానికి కోసి, ఎడమ సగం తాతయ్యకు, కుడి సగం నాయనమ్మకు ఇస్తారు. తేలికగా ఉంటుంది గానీ ఆ గీత ఇద్దరి భుజాల మధ్య పడినా, సగం గోడ ఒక ఫోటో రంగులోకీ సగం గోడ రెండో ఫోటో రంగులోకీ పోయి మధ్యలో చీలిక కనిపిస్తుంది. తల వరకే ఇవ్వడం మేలు.

ఇప్పుడు దూరం సంగతి. యంత్రం 64 గళ్ళ దగ్గరే ఆగదు. బొమ్మ స్వరూపం నిర్ణయించే లోపలి పొరల్లో గళ్ళను 32కూ, 16కూ, చివరికి 8కీ కుదిస్తుంది. 8 గళ్ళ పొరలో ఒక్క గడి అసలు బొమ్మలో 64 చుక్కల వెడల్పుకు సమానం. మీ బొమ్మలో ముఖం వెడల్పు 100 చుక్కలైతే ఆ పొరలో అది ఒకటిన్నర గడి. ఇద్దరి చెంపల మధ్య దూరం 30 చుక్కలే ఉంటే రెండు చెంపలూ ఒకే గడిలో పడవచ్చు. మీరెంత నున్నగా మాస్కు గీసినా ఆ పొరకు వచ్చేసరికి అది కూడా 8 గళ్ళకు కుదిస్తారు కనుక సరిహద్దు గడి ఇద్దరిదీ అవుతుంది. అందుకే ఈ మోడల్‌లో ముఖాల మధ్య కనీసం 64 చుక్కల ఖాళీ ఉండే సీడ్‌ను ఎంచుకోమంటాను. స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్‌ఎల్‌లో 1024 చుక్కల బొమ్మకు క్రాస్ అటెన్షన్ జరిగే అతి ముతక పొరలో గడి వెడల్పు 32 చుక్కలు, ముఖమూ పెద్దదిగా వస్తుంది. అక్కడ ఈ ఇరుకు చాలా తగ్గుతుంది. మీ గ్రాఫిక్స్ కార్డు మోయగలిగితే ఇద్దరి పనికి ఎక్స్‌ఎల్‌నే వాడండి.

కంటిని నమ్మకుండా కొలవడం

పది బొమ్మలు చూశాక మన కన్ను అలవాటు పడిపోతుంది, పదకొండోది బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకని ముఖాలను పోల్చే ఇన్‌సైట్‌ఫేస్ అనే ఉపకరణాన్ని వాడదాం. అది ప్రతి ముఖాన్నీ 512 సంఖ్యల వరుసగా మారుస్తుంది. రెండు వరుసల మధ్య పోలిక ఒకటికి ఎంత దగ్గరగా ఉంటే ముఖాలు అంత దగ్గర.

```python
import cv2
from insightface.app import FaceAnalysis
app = FaceAnalysis(name="buffalo_l")
app.prepare(ctx_id=0)

def faces(path):
    fs = app.get(cv2.imread(path))
    fs.sort(key=lambda f: f.bbox[0])
    return [f.normed_embedding for f in fs]

t, n = faces("tata.jpg")[0], faces("nayanamma.jpg")[0]
print("t-n", t @ n)
for f in faces("bomma.png"):
    print(f @ t, f @ n)
```

మొదట వచ్చేది రెండు ఆధార ఫోటోల మధ్య పోలిక. ఇది కొలబద్ద. ఆ తర్వాత బొమ్మలోని ముఖాలు ఎడమ నుంచి కుడికి, ఒక్కోదానికీ తాతయ్యతో ఎంత పోలిక, నాయనమ్మతో ఎంత పోలిక అన్నవి వస్తాయి.

ఉదాహరణకు తాతయ్య, నాయనమ్మల మధ్య పోలిక 0.08 వచ్చిందనుకోండి. మాస్కు లేని బొమ్మలో ఎడమ ముఖానికి 0.31, 0.24, కుడి ముఖానికి 0.27, 0.29. ఈ నాలుగు సంఖ్యలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటమే కలగలుపు గుర్తు. ఒకరితో ఒకరికి 0.08 మాత్రమే పోలిక ఉన్న ఇద్దరికీ ఒకే ముఖం ఇంతగా పోలుతోందంటే అది ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉంది. మాస్కులు పెట్టాక ఎడమకు 0.50, 0.13, కుడికి 0.15, 0.47 వస్తే విడిపోయినట్టు. నాలుగూ కలిసి తగ్గిపోతే జబ్బు వేరు: ముఖాలు కలవలేదు, ఆధారమే అందలేదు. అప్పుడు బరువు పెంచాలి.

ఈ కొలతకు ఒక పరిమితి ఉంది. ఐపీ-అడాప్టర్‌లో ఫేస్ఐడీ అనే రకం క్లిప్ సారంతో పాటు, లేదా దానికి బదులుగా, ఇలాంటి 512 సంఖ్యల వరుసతోనే గీస్తుంది. అది వాడితే కళ్ళజోడు, బొట్టు లాంటివి అంతగా దాటవు, ఎందుకంటే ఆ వరుస మనిషెవరన్నదే పట్టుకుని అలంకారాలను వదిలేయడానికి శిక్షణ పొందింది. కానీ గీసేదీ కొలిచేదీ ఒకే తీరు వరుస అయినప్పుడు మార్కులు ఉబ్బుతాయి. అక్కడ సంఖ్య బాగున్నా ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించి తీరాలి.

మాస్కు పెట్టినా ముక్కులు ఒకటే అయితే

మాస్కులు సరిగ్గా ఉన్నాయి, మధ్యలో ఖాళీ ఉంది, అయినా ఎడమ ముఖానికి నాయనమ్మ పోలిక 0.20 దగ్గరే ఆగిపోయింది. ఇది ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది, దీని మూలం వేరే చోట ఉంది.

గళ్ళు ఆధార ఫోటోలను మాత్రమే అడగవు. ప్రతి అడుగులోనూ ఒకదాన్నొకటి కూడా అడుగుతాయి. దీన్ని సెల్ఫ్ అటెన్షన్ అంటారు. బొమ్మకు ఒకే వెలుగు, ఒకే శైలి ఉండేది దీనివల్లే. ఎడమ చేతికీ కుడి చేతికీ ఒకే రంగు రావడమూ దీని పుణ్యమే. ఎడమ ముక్కు గడి "నాలాంటిది ఇంకెక్కడుంది?" అని చూసుకుంటే బొమ్మలో దానికి అతి దగ్గరి పోలిక కుడి ముక్కు గడే. అక్కడి నుంచి కొంత తెచ్చుకుంటుంది. మీరు `attn_mask`తో మూసింది ఫోటోల నుంచి వచ్చే దారిని. ఒక ముఖం నుంచి మరో ముఖానికి ఉన్న ఈ దారి తెరిచే ఉంది.

దీన్ని పూర్తిగా మూసేస్తే బొమ్మ రెండు ముక్కలవుతుంది, స్టూడియో అతుకులాగే. కాబట్టి మూయడం కాదు, ముఖం గీసే సమయంలో రెండో ముఖం చూపులో లేకుండా చేయడం మార్గం. అందుకే ఒక్కొక్కరినీ విడిగా గీయించడం ఇద్దరినీ ఒకేసారి గీయించడం కంటే నమ్మకమైన పద్ధతి. నేనైతే పెద్ద సైజులో అచ్చు వేసి ఫ్రేము కట్టించే పనికి మరో దారి పట్టను.

ఆధారాలు లేకుండా గీసిన మొదటి బొమ్మనే తీసుకోండి. అందులో ఎవరో ఇద్దరు వృద్ధులు కూర్చుని ఉన్నారు, వెలుగు బాగుంది. తాతయ్య తల చుట్టూ, కొంత భుజం కూడా వచ్చేలా, చతురస్రంగా ఒక ముక్క కత్తిరించండి. నాయనమ్మ ముఖం ఆ ముక్కలో కొంచెం కూడా పడకూడదు. పడితే ఈ శ్రమంతా వృథా. ఆ ముక్కను 512 చుక్కలకు పెంచండి. ముఖం వరకు మాస్కు గీసి, ఇన్‌పెయింట్ చేయండి, అంటే ఆ మాస్కు లోపలి భాగాన్ని మాత్రమే మళ్ళీ గీయించండి. ఆధారం తాతయ్య ఫోటో ఒక్కటే, ఉన్న బొమ్మను ఎంత మార్చాలో చెప్పే `denoise` విలువను 0.6 దగ్గర మొదలుపెట్టండి. 0.4కు తగ్గితే మొదటి బొమ్మలోని అపరిచితుడి దవడ మిగిలిపోతుంది. 0.8 దాటితే తల తిరిగిన దిశే మారి మెడకు అతకదు. నచ్చినది వచ్చాక పాత సైజుకు కుదించి, అంచులు మెత్తగా చేసి అదే చోట పెట్టండి. తర్వాత నాయనమ్మ ముక్కతో ఇదే పని.

ఇక్కడ తాతయ్యను గీస్తున్నప్పుడు నాయనమ్మ ఫోటో లెక్కలో లేదు, నాయనమ్మ ముఖపు గళ్ళూ లెక్కలో లేవు. కలిసేందుకు దారే మిగలలేదు. మరో లాభం కూడా ఉంది: పెద్ద బొమ్మలో 100 చుక్కల ముఖం ఇప్పుడు 300 చుక్కల వెడల్పున గీయబడుతుంది, పై పెదవి వంపు లాంటివి నిలుస్తాయి. ఇద్దరికీ వెలుగు కొంచెం తేడాగా అనిపిస్తే, చివర్లో ఏ ఆధారమూ లేకుండా మొత్తం బొమ్మను `denoise` 0.15తో ఒకసారి నడిపితే సర్దుకుంటుంది. దీన్ని 0.3కు పెంచితే ముఖాలు మళ్ళీ ఒకదాన్నొకటి చూసుకోవడం మొదలుపెడతాయి. పెంచి చూసి, కొలిచి, తిరిగి తగ్గించండి.

ఈ పద్ధతి లొంగని చోట్లూ ఉన్నాయి. చెంపకు చెంప ఆనించి కూర్చున్న భంగిమలో రెండో ముఖం లేని ముక్క కత్తిరించడమే కుదరదు. పాత ఫోటోలో ముఖం తపాలా బిళ్ళంత ఉండి మసకబారితే, యంత్రం లేని వివరాలను కల్పిస్తుంది. ఆ కల్పన తాతయ్యది కాదు, యంత్రం చూసిన వేలాది వృద్ధులది. బొమ్మ ఇచ్చేటప్పుడు ఇది ఫోటో కాదు, గీసినదని ఇంటివాళ్ళకు చెప్పండి. బతికున్నవాళ్ళ ముఖాలైతే వాళ్ళను అడిగాకే పని మొదలుపెట్టండి.

అభ్యాసం

మీ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల ఫోటోలో, అక్కాచెల్లెళ్ళ ఫోటోలో తీసుకోండి. వాళ్ళ అనుమతి అడగండి. ఒకే సీడ్‌తో నాలుగు బొమ్మలు గీయించండి: `average`తో ఒకటి, `concat`తో ఒకటి, మాస్కులు లేని గొలుసుతో ఒకటి, మాస్కులున్న గొలుసుతో ఒకటి. ఐదోది ఒక్కొక్కరినీ విడిగా ఇన్‌పెయింట్ చేసినది. ఐదింటికీ నాలుగేసి పోలిక సంఖ్యలు రాసుకోండి. ఫోటోల మధ్య అసలు పోలిక తాతయ్య, నాయనమ్మల కంటే ఎక్కువగా ఉంటుంది గనుక, ముందు ఆ కొలబద్దను కాగితం పైభాగాన రాసి, మిగతా సంఖ్యలను దానితోనే పోల్చండి. `average` బొమ్మలో రెండు ముఖాలకూ దాదాపు ఒకే జత సంఖ్యలు వస్తే మీ పనిముట్లు సరిగా కలిపినట్టే. మాస్కులున్న బొమ్మకూ ఇన్‌పెయింట్ బొమ్మకూ మధ్య వచ్చిన తేడా దాదాపుగా సెల్ఫ్ అటెన్షన్ వాటా. ముఖాల మధ్య ఖాళీని పెంచి మరో సీడ్‌తో చేస్తే ఆ తేడా ఎంత తగ్గిందో కూడా రాసి పెట్టుకోండి.

ఫోటోలకు బదులు ఒక్కో మనిషికీ, ఆ ముఖం నేర్పిన లోరా అనే చిన్న చేర్పును తయారు చేసి రెంటినీ కలిపితే ఏమవుతుందన్నది 6వ పాఠం. అక్కడ కలగలుపు టోకెన్లలో కాక మోడల్ లోపలి సంఖ్యల్లోనే జరుగుతుంది. ఈ అభ్యాసంలో రాసుకున్న సంఖ్యలు దానికి కావాలి, కాగితం దాచి ఉంచండి.